టీ పెట్టే పది నిమిషాల్లో ఇంగ్లీష్‌లో ఆలోచించడం ఎలా అలవాటు చేసుకోవాలి

డిగ్రీ అయిన కొత్తలో ఒక ఇంటర్వ్యూకి వెళ్లాను. సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టి ఉన్నాను కాబట్టి గడగడా చెప్పేశాను. ఎదురుగా కూర్చున్నాయన ఆగి, "పొద్దున లేచినప్పటి నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఏం చేశారో చెప్పండి" అని ఇంగ్లీష్‌లో అడిగారు. లేచాను, టీ తాగాను అనేంతవరకు బాగానే వచ్చింది. "తాళం వేశాను" దగ్గర ఆగిపోయాను. "ఐ పుట్ ద లాక్" అన్నాను, అది తప్పని నాకే తెలుస్తోంది, సరైన మాట మాత్రం రావడం లేదు. ఎకనామిక్స్ పేపర్ మొత్తం ఇంగ్లీష్‌లో రాసి పాసైన మనిషిని, ఇంటికి తాళం వేసిన సంగతి చెప్పలేకపోయాను.

ఇప్పుడు నేను సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్‌లు చెబుతున్నాను. వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి. మనకు ఇంగ్లీష్ పుస్తకంలోంచి వచ్చింది, వంటింట్లోంచి రాలేదు. ప్రతిరోజూ చేతితో చేసే పనులకు, కంటికి కనిపించే వస్తువులకు మన బుర్రలో తెలుగు మాత్రమే ఉంది. అందుకే ఎవరైనా మామూలు విషయం అడిగినా ముందు తెలుగులో వాక్యం తయారవుతుంది, తర్వాత దాన్ని మార్చుకోవాలి. ఈ రెండో పని తప్పించుకోవాలంటే ఇంగ్లీష్‌ని మన పనులకు, వస్తువులకు నేరుగా అంటించాలి. దానికి రెండు సాధనలు ఉన్నాయి. ఒకటి, కనిపించే వస్తువుకు మనసులోనే పేరు పెట్టుకోవడం. రెండోది, చేస్తున్న పనిని చేస్తూనే చెప్పుకోవడం. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ దెబ్బతింటారో నేను చూసినంతవరకు చెబుతాను.

ఒక చోటు, ఒక పని ఎంచుకోండి

"రేపటి నుంచి రోజంతా ఇంగ్లీష్‌లోనే ఆలోచిస్తాను" అని మొదలుపెట్టినవాళ్లు మధ్యాహ్నానికే అలసిపోతారు. రోజూ తప్పకుండా చేసే ఒక పని తీసుకోండి. నేను అందరికీ టీ పెట్టడమే చెబుతాను. పది నిమిషాల్లో అయిపోతుంది, చేతులకు పని ఉంటుంది, నీళ్లు మరిగేదాకా కాస్త ఖాళీ కూడా దొరుకుతుంది. మీరు టీ తాగకపోతే బట్టలు మడత పెట్టడమో, లంచ్ బాక్స్ సర్దడమో తీసుకోండి. బండి నడిపే సమయం మాత్రం వద్దు, ధ్యాస రోడ్డు మీదే ఉండాలి.

టైమ్ పెట్టుకోకండి. "ఏడింటికి ప్రాక్టీస్" అనుకుంటే ఏదో ఒక రోజు తప్పుతుంది. స్టవ్ ముందు నిలబడగానే మొదలవ్వాలి, టీ కప్పు చేతిలోకి వచ్చాక ఆగిపోవాలి. మొదటి వారం వంటిల్లు దాటి బయటికి రావొద్దు.

ముందు వస్తువులకు పేర్లు

మొదటి రెండు మూడు రోజులు పనిని చెప్పుకోవద్దు, చూడండి అంతే. వంటింటి గుమ్మంలో నిలబడి ఎడమ నుంచి కుడికి కళ్లు తిప్పుతూ కనిపించిన ప్రతిదానికీ పేరు అనుకోండి. స్టవ్, సింక్, షెల్ఫ్, ప్లేట్, స్పూన్. ఇవి ఎలాగూ వస్తాయి. గరిటె దగ్గర కాస్త ఆగుతారు, అది లేడిల్. అట్లకాడ స్పాచులా, పట్టకారు టాంగ్స్, జల్లెడ సివ్, టీ వడగట్టేది స్ట్రెయినర్. ఆగిన చోట ఫోన్ తీయకండి. ఫోన్ చేతిలోకి వస్తే సాధన అక్కడితో ఆగిపోతుంది. ఆ వస్తువును తెలుగు పేరుతోనే వదిలేసి ముందుకు వెళ్లండి. తర్వాత తీరిగ్గా మూడంటే మూడు పేర్లు వెతికి ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. రోజుకు మూడు చాలు. ఇరవై రాసుకున్నవాళ్లకు వారం తర్వాత రెండు కూడా గుర్తుండటం లేదు.

తెలియని మాటల కన్నా తెలుసనుకున్న మాటలతోనే ఎక్కువ ఇబ్బంది. తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీష్ మాటలు కొన్ని మన దగ్గర అర్థం మార్చుకున్నాయి. కూరగాయలు తెచ్చుకునే కవర్‌ని మనం కవర్ అంటాం, ఇంగ్లీష్‌లో అది బ్యాగ్. అన్నం పట్టుకెళ్లే క్యారేజీ అక్కడ లంచ్ బాక్స్, క్యారేజ్ అంటే గుర్రబ్బండో రైలు పెట్టో అనుకుంటారు. స్టీల్ గ్లాసును గ్లాస్ అంటే వినేవాళ్లకు గాజుది కళ్లముందు మెదులుతుంది, టంబ్లర్ అనడం మంచిది. "కరెంట్ పోయింది" అనడానికి "ద పవర్ ఈజ్ అవుట్" అంటారు. ఇలాంటివి వస్తువు ముందు నిలబడినప్పుడే పట్టుబడతాయి, ఎందుకంటే ఇంగ్లీష్ మాటే వాడుతున్నామనే భరోసాతో డిక్షనరీ ఎప్పుడూ తెరవం.

మనసులో అనుకునే మాటకు ఇంకో ప్రమాదం ఉంది. తప్పుగా పలికినా ఎవరూ వినరు. కప్‌బోర్డ్ అని స్పెల్లింగ్ చూసి అనుకుంటూ ఉంటారు, దాన్ని పలికేది కబర్డ్ అని. దువ్వెనను కోంబ్ అనుకుంటారు, చివరి అక్షరం పలకదు, కోమ్ అంతే. చీటీ మీద మూడు మాటలు రాసేటప్పుడు ఆన్‌లైన్ డిక్షనరీలో స్పీకర్ గుర్తు నొక్కి ఒకసారి వినండి.

ముగ్గు, పోపు, పచ్చడి లాంటి వాటికి ఇంగ్లీష్ పేరు కోసం పాకులాడకండి. "ఐ యామ్ మేకింగ్ పచ్చడి" అనుకోవడం తప్పేమీ కాదు. వాక్యం నడక ఇంగ్లీష్‌ది అయితే మధ్యలో ఒక తెలుగు పేరు వల్ల ఏమీ చెడదు.

ఒంటరి మాటను వాక్యం చేయండి

నాలుగో రోజు నుంచి ఉత్త పేరు అనుకోవద్దు. స్పూన్ అని ఊరుకోకుండా "దేర్ ఈజ్ ఎ స్పూన్ ఇన్ ద సింక్. ద స్పూన్ ఈజ్ డర్టీ" అనుకోండి. చిన్నగా కనిపిస్తుంది కానీ మనకు బాగా కష్టమైన రెండు విషయాలు ఇందులో ఉన్నాయి.

మొదటిది ఎ, ద. తెలుగులో వీటికి సాటి వచ్చేవి లేవు కాబట్టి వదిలేస్తూ ఉంటాం. మొదటిసారి కంట పడినప్పుడు ఎ స్పూన్, దాని గురించే ఇంకో మాట చెప్పేటప్పుడు ద స్పూన్. గ్రామర్ పుస్తకంలో రెండు పేజీల రూల్స్ చదివినా ఎక్కనిది, సింకులో స్పూన్ చూస్తూ పదిసార్లు అనుకుంటే ఎక్కుతుంది. పాలు, పంచదార, బియ్యం లెక్కపెట్టలేం కాబట్టి వాటికి ఎ రాదు, సమ్ మిల్క్, సమ్ షుగర్ అనుకోండి.

రెండోది వరస. మనం "షెల్ఫు మీద" అంటాం, చోటు ముందు, మీద తర్వాత. ఇంగ్లీష్‌లో ఆన్ ముందు వచ్చి షెల్ఫ్ తర్వాత వస్తుంది. "ఆన్ ద షెల్ఫ్, అండర్ ద సింక్, బిహైండ్ ద డోర్" అని చూపు కదులుతుండగా అనుకుంటూ ఉంటే కొన్నాళ్లకు ఆ వరస తిప్పాల్సిన అవసరం లేకుండానే వస్తుంది.

వేయి, పెట్టు, తీయి: అసలు చిక్కు ఇక్కడే

ఎవరైనా ఈ సాధన మానేశారంటే కారణం వస్తువుల పేర్లు తెలియకపోవడం కాదు. క్రియలు దొరకకపోవడం. తెలుగులో నాలుగైదు క్రియలతో ఇల్లంతా నడిపేస్తాం. ఒక్క "వేయి" చూడండి. ఉప్పు వేస్తాం, ఫ్యాన్ వేస్తాం, గడియ వేస్తాం, జడ వేస్తాం, ఓటు వేస్తాం, తాళం వేస్తాం. ఇంగ్లీష్‌లో వీటిలో ఏ రెండింటికీ ఒకే మాట లేదు. ఉప్పుకు యాడ్, ఫ్యాన్‌కు టర్న్ ఆన్, గడియకు బోల్ట్, జడకు బ్రెయిడ్, ఓటుకు కాస్ట్. తాళానికి లాక్ ఒక్కటే క్రియ, "ఐ లాక్డ్ ద డోర్". ఇంటర్వ్యూలో నేను లాక్‌ని వస్తువు చేసి దానికి ముందు పుట్ వెతికాను, తెలుగులో తాళం, వేయి రెండు మాటలు కాబట్టి.

"తీయి" కూడా అంతే. తలుపు తీయడం ఓపెన్, అరటిపండు తొక్క తీయడం పీల్, ఏటీఎంలో డబ్బు తీయడం విత్‌డ్రా, దండెం మీది బట్టలు తీయడం టేక్ ఇన్. లైట్ తీసేయమని మనం అంటే చాలామంది "క్లోజ్ ద లైట్" అని మార్చేస్తారు, అది టర్న్ ఆఫ్. "కట్టు" తీసుకుంటే బిల్లుకు పే, ఇంటికి బిల్డ్, పార్సిల్‌కు టై.

కాబట్టి చీటీ మీద వస్తువు పేరు ఒంటరిగా రాయకండి. దాంతో మీరు రోజూ చేసే పనితో కలిపి రాయండి. స్ట్రెయినర్ అని కాదు, "స్ట్రెయిన్ ద టీ". టాప్ అని కాదు, "టర్న్ ఆఫ్ ద టాప్". లిడ్ అని కాదు, "పుట్ ద లిడ్ ఆన్". కొళాయి కట్టే ప్రతిసారీ ఆ మాట మొత్తంగా మనసులో మెదలాలి. క్రియ, పేరు విడివిడిగా నేర్చుకుంటే మాట్లాడే సమయంలో మళ్లీ తెలుగు జతలే కలుస్తాయి, వాటి మధ్యలో పుట్ వచ్చి కూర్చుంటుంది.

ఒక టీ, మొదటి నుంచి చివరిదాకా

రెండో వారం నుంచి చేసే పనిని చెప్పుకోవడం మొదలుపెట్టండి. ఒక్కో పనికి మూడు వాక్యాలు ఉంటాయి: చేయబోతున్నప్పుడు ఒకటి, చేస్తున్నప్పుడు ఒకటి, అయ్యాక ఒకటి. అన్ని పనులకూ మూడూ అవసరం లేదు, కుదిరిన చోట వాడండి. ఇలా ఉంటుంది.

స్టవ్ దగ్గరికి వెళ్తూ "ఐ యామ్ గోయింగ్ టు మేక్ సమ్ టీ." గిన్నెలో నీళ్లు పోస్తూ "ఐ యామ్ పోరింగ్ వాటర్ ఇన్‌టు ద పాన్." పోశాక "ఐ హావ్ పోర్డ్ ద వాటర్." అగ్గిపుల్ల గీసి "ఐ యామ్ లైటింగ్ ద స్టవ్." ఇక నీళ్లు మరగాలి, "ఐ యామ్ వెయిటింగ్ ఫర్ ద వాటర్ టు బాయిల్." ఈ ఖాళీలో అల్లం దంచుతారు, "ఐ యామ్ క్రషింగ్ ఎ పీస్ ఆఫ్ జింజర్." టీ పొడి వేస్తూ యాడింగ్ అనాలి, పుటింగ్ కాదు. పాలు పోశాక ఒక కన్ను గిన్నె మీద ఉండాలి. పాలు పొంగుతున్నాయి అనడానికి మా బ్యాచ్‌లో దాదాపు అందరూ "మిల్క్ ఈజ్ కమింగ్ అప్" అంటారు. "ద మిల్క్ ఈజ్ బాయిలింగ్ ఓవర్" అనాలి. మంట తగ్గిస్తూ "ఐ యామ్ టర్నింగ్ డౌన్ ద హీట్." వడగట్టి కప్పులో పోసుకుని "ఐ హావ్ మేడ్ టూ కప్స్ ఆఫ్ టీ."

గిన్నె దింపేటప్పుడు వేలు కాలిందనుకోండి. "మై ఫింగర్ బర్న్ట్" అని నోట్లోకి వస్తుంది, ఎందుకంటే తెలుగులో కాలింది వేలు. ఇంగ్లీష్‌లో కాల్చుకున్నది నేను, "ఐ బర్న్ట్ మై ఫింగర్." ఇది ఒక్క వేలితో పోయేది కాదు. నాకు ఆకలేస్తోంది, నాకు చలేస్తోంది, నాకు తెలుసు, నాకు ఇద్దరు అన్నలున్నారు, వీటిలో తెలుగు వాక్యం "నాకు"తో మొదలవుతుంది. ఇంగ్లీష్‌లో ఇవన్నీ ఐతో మొదలవుతాయి: "ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ కోల్డ్, ఐ నో, ఐ హావ్ టూ బ్రదర్స్." ఒళ్లు చెప్పే మాటలు వంటింట్లో వద్దన్నా వస్తుంటాయి, వచ్చినప్పుడల్లా ఐతో మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి.

ఇంకో సంగతి. మనం "పాలు కాచి, పొడి వేసి, వడగట్టి, నాన్నకు ఇచ్చాను" అని ఒకే ఊపిరిలో చెబుతాం, అసలు క్రియ చివరికి వస్తుంది. అదే కొలతతో ఇంగ్లీష్ వాక్యం మొదలుపెడితే మధ్యలో దారి తప్పుతుంది. కాచి, వేసి దగ్గర విరగ్గొట్టి, ఒక్కోదాన్ని ఒక్కో పూర్తి వాక్యం చేయండి. "ఐ బాయిల్డ్ ద మిల్క్. దెన్ ఐ యాడెడ్ ద టీ." పొట్టిగా ఉన్నాయని సిగ్గుపడొద్దు, ఇంగ్లీష్ వాళ్లు కూడా ఇలాగే మాట్లాడతారు.

నోటితో, గుసగుసగా, ఆ తర్వాతే మనసులో

చాలామంది మొదటి రోజు నుంచే మనసులో అనుకుంటారు, వాక్యం సగంలో కరిగిపోతుంది, బుర్ర ఇంకెటో పోతుంది. చిన్నపిల్లలు ఆడుకునేటప్పుడు "ఇది ఇక్కడ పెట్టాలి, ఇప్పుడు కారు వెళ్తుంది" అని పైకే చెప్పుకుంటారు గమనించారా? రష్యన్ మానసిక శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ ఈ మాటలనే పరిశీలించాడు. పైకి చెప్పుకునే ఆ మాటలే క్రమంగా లోపలికి వెళ్లి మనసులో మాటగా మారతాయని, లోపలికి వెళ్లాక అవి పొట్టిగా, ముక్కలుగా అవుతాయని ఆయన అన్నాడు.

ఇంగ్లీష్‌ని కూడా ఇదే దారిలో లోపలికి తీసుకెళ్లొచ్చు. పనిని చెప్పుకోవడం మొదలుపెట్టిన మొదటి వారం పైకి అనండి. ఇంట్లో అందరూ లేవకముందైతే ఇబ్బంది ఉండదు. అత్తగారో, నాన్నో వంటింట్లో ఉంటే గుసగుసగా పెదాలు కదిపితే చాలు. వాక్యం తడబడకుండా పూర్తవుతున్నప్పుడే మనసులోకి మార్చండి. కొన్ని వారాలకు "బాయిలింగ్ ఓవర్!" అని రెండు ముక్కలే మెదిలి ఊరుకుంటాయి. అది బద్ధకం కాదు, మనం తెలుగులో ఆలోచించేటప్పుడు కూడా "అయ్యో, పొంగింది" అనే అనుకుంటాం కదా. కానీ మొదటి రోజు నుంచే ముక్కలతో సరిపెట్టుకుంటే పూర్తి వాక్యం ఎప్పటికీ రాదు.

తర్జుమా అవుతోందా, నేరుగా వస్తోందా

దీన్ని తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. చెయ్యి పని చేసేశాక మాట వస్తోందంటే మధ్యలో తెలుగు ఉంది. గిన్నె స్టవ్ మీదికి వెళ్లిపోయింది, మీరు ఇంకా నీళ్ల దగ్గరే ఉన్నారు. అప్పుడు వేగం పెంచొద్దు, పనిని నెమ్మది చేయండి. చెయ్యి వైపు చూడండి, మొదటి రెండు మాటలు, "ఐ యామ్", చెయ్యి కదలకముందే అనేయండి. ఆ తర్వాత రావాల్సింది క్రియే, వస్తువు కాదు. తెలుగు వాక్యం వస్తువుతో మొదలవుతుంది కాబట్టి, ముందు క్రియ అనడానికి మిమ్మల్ని మీరు ఒప్పించుకుంటే తెలుగు వాక్యం తయారవడానికి చోటే ఉండదు.

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. తప్పు వాక్యాన్ని రోజూ అనుకుంటే అది గట్టిపడుతుంది. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అని నెలరోజులు అనుకున్న మనిషి చేత మాన్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు. కెనడాలో ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న పిల్లలు స్కూల్లో పాఠాలన్నీ ఫ్రెంచ్‌లో చదువుకుంటుంటే, వాళ్లను పరిశీలించిన మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు ఒక మాట అంది. ఏళ్ల తరబడి విని అర్థం చేసుకున్నంత మాత్రాన తప్పులు పోవు, సొంతంగా వాక్యం తయారు చేయాల్సి వచ్చినప్పుడే ఏది రావడం లేదో బయటపడుతుందని. మన సాధన ఆ బయటపడే పని చేస్తుంది, కానీ దిద్దే పని చేయదు. దిద్దడానికి వేరే ఏర్పాటు ఉండాలి.

వారానికి ఒకసారి, ఆదివారం అనుకోండి, టీ పెడుతూ రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేయండి. తర్వాత విని అనుమానం వచ్చిన రెండు వాక్యాలు మాత్రం తీసుకుని, అందులో క్రియను ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వాళ్లు నేర్చుకునేవాళ్ల కోసమే పెట్టిన ఆన్‌లైన్ డిక్షనరీల్లో వెతకండి. అర్థం కన్నా కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదవండి. ఆ వాక్యాన్నే వచ్చే వారమంతా వాడండి. రెండుకు మించి దిద్దుకోవద్దు, ఎక్కువైతే మాట్లాడేటప్పుడు టెన్షన్ మొదలవుతుంది.

ఐ యామ్ దాటి బయటికి

మూడు నాలుగు వారాలకు టీ సాఫీగా నడుస్తుంది. అక్కడే ఆగిపోతే ఒక లోటు మిగిలిపోతుంది. చేసే పని చెప్పుకోవడంలో "ఐ యామ్" తప్ప ఇంకేమీ పెద్దగా రాదు. మనుషులు ఆలోచించేది ఎక్కువగా అలా కాదు. తాళాలు ఎక్కడ పెట్టాను, ఆయన ఎందుకు ఫోన్ చేయలేదు, రేపు పాలు సరిపోతాయా అని ఆలోచిస్తాం.

అందుకని రాత్రి పడుకునే ముందు పొద్దున్నది గతంలో చెప్పుకోండి. "ఐ మేడ్ టీ. ద మిల్క్ బాయిల్డ్ ఓవర్, సో ఐ క్లీన్డ్ ద స్టవ్." క్రియలు అవే, రూపం మారింది. బస్టాప్‌లో నిలబడినప్పుడు మీ గురించి వదిలేసి ఎదుటివాళ్ల గురించి అనుకోండి. "షి ఈజ్ వెయిటింగ్ ఫర్ ద బస్. హి లుక్స్ టైర్డ్." లుక్స్ చివరి స్ రోజూ జారిపోతుంది, బస్టాప్‌లో దాన్ని పట్టుకోవడం సులువు. తర్వాత ప్రశ్నలు వేసుకోండి, మొదట వస్తువులు పోయినప్పుడే. "వేర్ డిడ్ ఐ పుట్ ద కీస్?" నిజంగా తాళాలు వెతుకుతూ అడిగిన ప్రశ్నలో డిడ్ దానికదే సరైన చోట కూర్చుంటుంది, పుస్తకంలో ఖాళీలు నింపినప్పుడు అలా కుదరదు.

మా బ్యాచ్‌లో ఒకామె టైలరింగ్ చేస్తుంది. టీ వదిలేసి కుట్టుమిషన్ దగ్గర మొదలుపెట్టింది. సూది నీడిల్, దారం థ్రెడ్ అని వారం గడిచాక "థ్రెడ్ ద నీడిల్" అని ఒకే మాటలో చెప్పొచ్చని చూసి, సూదికి దారం ఎక్కించే ప్రతిసారీ అదే అనుకునేది. రెండో నెలలో ఒకరోజు క్లాసుకు వచ్చి, ఒక కస్టమర్ జాకెట్టు కొలతల గురించి ఇంగ్లీష్‌లో అడిగితే "ఐ విల్ లెట్ ఇట్ అవుట్ ఎ లిటిల్" అని జవాబిచ్చానని చెప్పింది. కుట్టు విప్పి వదులు చేయడాన్ని లెట్ అవుట్ అంటారని ఆమె చీటీ మీద రాసుకున్నది అంతకు పది రోజుల ముందు. అప్పటి నుంచి మిషన్ మీద వంగినప్పుడు అదే మాట మనసులో తిరుగుతూ ఉందట, ఆ రోజు తెలుగు వాక్యం గుర్తుకు రాకముందే నోట్లోంచి వచ్చేసిందట.